ట్రయల్‌కు వచ్చిన పిల్ల

బ్యూటీ పార్లర్ నడిపే తస్లీమా ఫోన్లో పెట్టే పోస్టుల్లో రేటు దాచదు. జహీరాబాద్‌లో ఇది చిన్న సంగతి కాదు. ఊళ్లో ఏ పార్లర్ పోస్టు చూసినా కింద ‘ధర కోసం మెసేజ్ చేయండి’ అని ఉంటుంది. మెసేజ్ చేస్తే షాపుకు రమ్మంటారు. షాపుకు వెళ్తే ముందు మన మెడలో గొలుసు చూస్తారు, ఆ తర్వాత రేటు చెప్తారు. ఈ పద్ధతంటే తస్లీమాకు ఒళ్లు మంట. గొలుసు లావును బట్టి ముఖం ఖరీదు మారుతుందా అని ఆమె వాదన.

అందుకే మొన్న పెళ్లిళ్ల సీజన్ మొదలవుతుంటే ఆమె పెట్టిన పోస్టు ఇలా ఉంది. ‘పెళ్లికూతురి ప్యాకేజీ పన్నెండు వేలు. మేకప్, జడ, చీర కట్టడం అన్నీ ఇందులోనే. పూలు, నగలు మీవి. ట్రయల్‌కు వెయ్యి, బుక్ చేసుకుంటే ఆ వెయ్యి పన్నెండు వేలలోనే తగ్గిస్తాం. ఊరు దాటి రావాలంటే కారు కిరాయి మీది, ఎంతో ముందే చెప్తాం. ఆ రోజు కొత్త ఖర్చు ఒక్కటీ చెప్పం.’

అక్కడితో ఆగితే ఆమె తస్లీమా ఎందుకవుతుంది? కింద ఇంకా రాసింది. ‘ట్రయల్ లేకుండా పెళ్లి మేకప్ చేయం. ట్రయల్ రోజు, మేం వాడబోయే సరుకు చెవి వెనక కొంచెం రాసి పంపిస్తాం. రెండు రోజులు చూసి, దురద గాని ఎరుపు గాని వస్తే ఫోన్ చేయండి. పెళ్లికి పదిహేను రోజుల ముందు నుంచి బ్లీచ్, స్క్రబ్, ముఖం తెల్లబడే క్రీములు అన్నీ ఆపేయండి. పెళ్లి రాత్రి మేకప్‌తో పడుకోవద్దు. కొబ్బరినూనెతో మెల్లగా తీసి, చల్లని నీళ్లతో కడుక్కోండి, రుద్దొద్దు. జడకు కొట్టిన స్ప్రే తడిపి మెత్తబడ్డాకే చివర్ల నుంచి దువ్వండి. ముఖం మీద పొక్కులు, మంట ఉంటే మేకప్ వేయం. డాక్టర్ దగ్గరికి పంపుతాం, అడ్వాన్సు మొత్తం వాపసు.’

ఆమె దగ్గర పనిచేసే, ఆమెను అక్కకు బదులు ‘ఆపా’ అని పిలిచే అలీమా అది టైప్ చేసి, ఫోను పక్కన పెట్టి నవ్వింది. “ఆపా, ఇది పోస్టా, దవాఖాన చీటీయా? గిన్ని చదివి ఎవరొస్తరు?”

“చదివినోళ్లే రానీ,” అంది తస్లీమా. “చదవనోళ్లతోనే నాకు లొల్లి.”

నిజానికి ఆ పోస్టు చూసుకుని ఆమె లోలోపల బాగా మురిసిపోయింది. తనంత నిక్కచ్చి మనిషి బస్టాండ్ నుంచి చెరుకు ఫ్యాక్టరీ దాకా వెతికినా లేదనుకుంది. మనిషి తన గురించి తాను అలా అనుకున్న రోజున జర భయపడాలి. తస్లీమా భయపడలేదు.

వారం తిరక్కుండానే న్యాల్‌కల్ దగ్గరి ఊరి నుంచి ఫోను వచ్చింది. పెళ్లికూతురి పేరు నందిని. పెళ్లికొడుకు రితేష్, ట్రాక్టర్ల కంపెనీలో పని. రితేష్ అక్క రేఖ ఒకప్పుడు తస్లీమా దగ్గరికే కనుబొమ్మలకు వచ్చేది. రెండేళ్ల కింద పెళ్లయి బీదర్ వెళ్లిపోయింది. వెళ్లినా పార్లర్ పోస్టులు చూస్తూనే ఉంటుంది, ఈ సంబంధం కుదిరాక పార్లర్ పేరు చెప్పింది కూడా ఆమేనట.

పెళ్లికి ఎనిమిది రోజుల ముందు నందిని ట్రయల్‌కు వచ్చింది. తోడుగా పిన్నమ్మ కూతురట, ఒకమ్మాయి వచ్చింది. నందిని ముఖం చూసి తస్లీమాకు పని సులువైపోయింది. చామనఛాయ, ఎక్కడా మచ్చ లేదు, చర్మం వెన్నలా ఉంది. రంగు దించి తెల్లగా పూయమని అడుగుతారేమోనని తస్లీమా ముందే వాదనకు సిద్ధపడింది గానీ, ఆ పిల్ల ఏమీ అడగలేదు. ఏది వేస్తే అది వేయించుకుంది. చెవి వెనక రాసినప్పుడు మాత్రం అలీమా చేతి వైపు ఓరగా చూసింది. పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలికేది కాదు. సిగ్గు కాబోలనుకున్నారు. పోతూ పోతూ, “నా ఫోటో పోస్టుల పెట్టకుండ్రి అక్కా,” అంది. సరేనన్నారు. రెండు రోజుల తర్వాత, దురదా ఎరుపూ ఏమీ లేవని మెసేజ్ పెట్టింది. తస్లీమా పుస్తకంలో ఆ పేరు పక్కన టిక్కు పెట్టుకుంది.

పెళ్లి చిరాగ్‌పల్లి దాటాక హైవే పక్కనున్న ఫంక్షన్ హాల్లో. ముహూర్తం పదకొండు దాటాక. తస్లీమా, అలీమా ఏడు గంటలకల్లా పెట్టెలతో దిగారు. పెళ్లికూతురి గదికి పైన ఏసీ, కింద ఎర్ర తివాచీ, ఒక గోడంతా అద్దం. అద్దం ముందు కుర్చీలో ఒకమ్మాయి పైటను ముక్కు దాకా కప్పుకొని కూర్చుంది. పక్కన తల్లి యాదమ్మ నిలబడి ఉంది. ట్రయల్‌కు వచ్చిన నందిని గుమ్మం దగ్గర చీర కుచ్చిళ్లు పట్టుకొని నిలబడి ఉంది.

“ఇంకా స్నానం కాలేదా నందిని? రా, కూసో,” అంది తస్లీమా ఆమెతో.

ఆ పిల్ల తల దించుకుంది.

“నందిని నేను అక్కా,” అంది కుర్చీలో అమ్మాయి, పైట వెనక నుంచి. “గామె మా చెల్లె. కావేరి.”

తస్లీమాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పట్టు జారింది. చేతిలో పెట్టె అలీమా అందుకోకపోతే కింద పడేదే. ఆమె కావేరి వైపు, కుర్చీ వైపు, మళ్లీ కావేరి వైపు చూసింది. తాను ట్రయల్ చేసింది ఈ పిల్లకు కాదు. చెవి వెనక రాసి చూసింది ఈ చర్మం మీద కాదు. పెళ్లి నాలుగు గంటల్లో ఉంది.

“పైట తియ్యి,” అంది.

నందిని తీసింది. అలీమా నోటి మీద చెయ్యి పెట్టుకుంది. బుగ్గలు, గడ్డం, ముక్కు పక్కలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. చిన్న చిన్న చీము పొక్కులు. పొక్కుల మధ్య చర్మం పలచబడి సన్నని నరాలు కనిపిస్తున్నాయి. పెదవుల పక్కన పొట్టు లేస్తోంది. నందిని మాట్లాడితే మంట పుడుతుందేమో, పెదాలు ఎక్కువ కదపకుండా మాట్లాడుతోంది.

“ఎన్ని దినాలాయె గిట్ల?”

“పది దినాలు.”

“మరి ట్రయల్‌కు నువ్వెందుకు రాలే? చెల్లెను నీ పేరు మీద ఎందుకు పంపిన్రు?” తస్లీమా గొంతు లేచింది. మర్యాదంతా మరిచిపోయింది. “మోసం కాదా ఇది? నేనిప్పుడు దీని మీద రంగు ఎట్ల పూయాలె?”

యాదమ్మ ముందుకొచ్చి చేతులు పట్టుకుంది. “అరవకు బిడ్డా, బయట వియ్యాలోళ్లున్నరు. నువ్వే రాసినవ్ గద ఫోన్ల. పొక్కులుంటే మేకప్ చెయ్య, వాపస్ పంపుత అని. కావేరి సదివి వినిపిచ్చింది. నువ్వు వద్దంటే రేఖకు తెలుస్తది. రేఖకు తెలిస్తే వాళ్లమ్మకు తెలుస్తది. అందుకే చిన్నదాన్ని పంపిన. ఎనిమిది దినాలల్ల తగ్గుతదనుకున్న. తగ్గలే.”

తస్లీమా తన చేతులు విడిపించుకుంది. తాను నిజాయితీగా రాసిన వాక్యాన్ని చూసి భయపడి వీళ్లు అబద్ధమాడారు. ఆ వాక్యం రాయకపోయి ఉంటే ఈ పిల్ల ఎనిమిది రోజుల కిందే తన కుర్చీలో కూర్చునేది, తాను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి ఉండేది. ఇది ఎవరి తప్పు అనాలో ఆమెకు తోచలేదు.

“కప్పెయ్ బిడ్డా,” అంటోంది యాదమ్మ. “జర మందంగ కప్పెయ్. పన్నెండు గాకుంటే ఇరవై ఇస్త. రెండు గంటలు ఆగితే సాలు.”

“ఇరవై కాదు, లక్ష ఇచ్చినా వెయ్యను,” అంది తస్లీమా. “మంట మీద రంగు పూస్తే పొక్కులు పగుల్తయి. రాత్రి తీసేటప్పుడు రంగుతోటి తోలు గూడ వస్తది. మచ్చలు పడితే జిందగీ మొత్తం ఉంటయి. మీ అబద్ధానికి నా చేతులు పెట్టమంటరా?”

బాగా మాట్లాడింది. పార్లర్‌లో అయితే ఆ మాటతో గెలిచేది కూడా. ఆమె నందిని వైపు తిరిగి, అలవాటుగా అడగాల్సిన ప్రశ్న అడిగింది. “ముఖానికి ఏం పెట్టినవ్?”

నందిని ఒళ్లో ఉన్న సంచిలో చెయ్యి పెట్టి ఒక డబ్బా తీసి అద్దం ముందు పెట్టింది. చిన్న తెల్ల ప్లాస్టిక్ డబ్బా. మూత మీద గులాబీ రంగు స్టిక్కర్, అంచులు నల్లబడ్డాయి. దాని మీద తస్లీమా పార్లర్ పేరు, తస్లీమా ఫోను నంబరు.

తస్లీమా వంగి స్టిక్కర్ చదివింది.

ఆ డబ్బా ఆమెకు తెలుసు. రెండున్నరేళ్ల కింద హైదరాబాద్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో ‘పార్లర్ క్రీమ్’ అని కిలోల లెక్కన అమ్ముతుంటే తెచ్చింది. చిన్న డబ్బాల్లో నింపి, తన స్టిక్కర్ అంటించి అమ్మింది. వారంలో ముఖాలు తెల్లబడేవి. అందరూ మెచ్చుకున్నారు. తర్వాత ఒక ట్రైనింగ్‌లో ఓ డాక్టరమ్మ ఇలాంటి పేరులేని క్రీముల్లో స్టెరాయిడ్ మందు కలుపుతారని, మొదట మెరిపించి తర్వాత చర్మాన్ని పలచన చేస్తాయని, ఒక్కసారిగా ఆపితే ముఖం మండిపోతుందని చెప్పింది. ఇంటికొచ్చి తస్లీమా మిగిలినవన్నీ పారబోసింది. ఎవరైనా అడిగితే “స్టాక్ లేదు” అంది. అంతే. ఎందుకు లేదో ఎవరికీ చెప్పలేదు. చెప్తే షాపు పేరు పోతుందని భయం.

“నన్ను ఎరుకవట్టలే నువ్వు,” అంది యాదమ్మ. ఇప్పుడామె గొంతులో బతిమాలడం లేదు. “అల్లం అమ్మనీకి మార్కెట్‌కొచ్చినప్పుడు నీ దుకాణానికొచ్చిన. పెద్దపిల్ల నల్లగున్నది, సంబంధాలు వస్తలేవంటే నువ్వే నీ చేతులతోటి ఇచ్చినవ్. అయిపోతే మళ్ల వచ్చిన. స్టాక్ లేదన్నవ్. గీ డబ్బా చూపిచ్చి వేరే దుకాణంల అడిగితే గసొంటిదే ఇచ్చిన్రు. రెండేండ్లు పెట్టుకున్నది.”

“ఎప్పుడు ఆపినవ్?” తస్లీమా నందినిని అడిగింది. జవాబు ఆమెకు అప్పటికే తెలుసు.

“మీ పోస్టు చూసి. పదిహేను దినాల ముందు నుంచి క్రీములన్నీ ఆపేయమని రాసిన్రు గద. ఆపిన. నాలుగైదు దినాలకు గిట్లయింది.”

తస్లీమా పక్కనున్న స్టూలు మీద కూలబడింది. ఇచ్చింది తాను. ఎందుకు మానేశానో చెప్పనిది తాను. ఇన్నేళ్లు రాసిన మందు ఒక్కసారిగా ఆపితే ముఖం మండిపోతుందని తెలిసి కూడా, డాక్టర్‌ను అడిగి ఆపమని ఒక్క ముక్క రాయకుండా ‘అన్నీ ఆపేయండి’ అని హుకుం జారీ చేసింది తాను. వెయ్యి రూపాయల ట్రయల్‌కు లెక్క చెప్పిన మనిషి, దీనికి లెక్క చెప్పలేదు. ఆమెకు ఏడుపు రాలేదు, వచ్చి ఉంటే కొంచెం తేలికయ్యేది.

అదే క్షణంలో ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది. పెట్టెలో ఉన్న సరుకుతో ఈ ఎరుపంతా కప్పేయవచ్చు. రెండు గంటల పని. తల్లి సంతోషిస్తుంది, వియ్యాలవారికి తెలియదు, ఆ గులాబీ స్టిక్కర్ సంగతి ఈ గది దాటదు. ఆమె చెయ్యి నిజంగానే పెట్టె మూత మీదికి వెళ్లింది. అలీమా అది చూసింది.

తస్లీమా చెయ్యి వెనక్కి తీసుకుని ఫోను తీసింది. ట్రైనింగ్‌లో నంబరిచ్చిన ఆ డాక్టరమ్మకు వీడియో కాల్ చేసి నందిని ముఖం చూపించింది. క్రీమ్ ఎక్కడిదని డాక్టరమ్మ అడిగితే, “నేనే ఇచ్చిన మేడం,” అంది. డాక్టరమ్మ చెప్పినదంతా అలీమా రాసుకుంది. ముఖానికి మేకప్ వద్దు, పసుపు కూడా వద్దు. శుభ్రమైన గుడ్డ చల్లని నీళ్లలో తడిపి మెల్లగా అద్దాలి, తర్వాత మామూలు వాజ్లిన్ పలచగా రాయాలి. ఆ క్రీమ్ మళ్లీ సొంతంగా మొదలుపెట్టొద్దు. సాయంత్రం డబ్బాతో సహా దవాఖానకు తీసుకురావాలి. నెలలు పడుతుంది గానీ తగ్గుతుంది.

“నీ ముఖం, నీ పెళ్లి,” అంది తస్లీమా నందినితో. “ఎయ్యమంటె గూడ నేనెయ్య. కానీ వేరేటోళ్లను పిలిపిస్త అంటె ఆపను. ఏం చేస్తవో చెప్పు. ఇది నా వల్ల అయింది. మాఫ్ చెయ్యమని అడగనీకి గూడ ముఖం లేదు.”

నందిని అద్దంలో తనను తాను చూసుకుంది. చాలాసేపు చూసింది. “రెండేండ్ల సంది నా ముఖం నేను చూడలే,” అంది చివరికి. “వద్దు. గిట్లనే పోత.”

యాదమ్మ గోడకు ఆనుకొని నేల మీద కూర్చుండిపోయింది. “ఇజ్జత్ పోతది బిడ్డా,” అని ఒక్క మాట అంది. కావేరి వెళ్లి తల్లి పక్కన కూర్చుంది.

అలీమా తడిగుడ్డ అద్దుతుంటే తస్లీమా జడ అల్లింది. చీర కట్టింది. బాసింగం కట్టినా దారం బుగ్గలకు తగలకుండా చూడమని కావేరికి చెప్పింది. తర్వాత ఫోను అలీమా చేతిలో పెట్టి, “పోస్టు రాయి,” అంది.

“ఇప్పుడా ఆపా?”

“ఇప్పుడే. ఇంటికి పోతే నాకు మళ్ల అక్కల్ వస్తది, లాభం నష్టం లెక్కేస్త, రాయను.” ఆమె చెప్తూ పోయింది. “రెండున్నరేళ్ల కింద మా పార్లర్‌లో గులాబీ స్టిక్కర్ ఉన్న తెల్ల డబ్బాలో క్రీమ్ అమ్మాను. అందులో స్టెరాయిడ్ మందు ఉండొచ్చని తర్వాత తెలిసింది. తెలిసి కూడా మీకు చెప్పలేదు. అలాంటి క్రీమ్ ఇంకా వాడుతున్నవాళ్లు సొంతంగా ఒక్కసారిగా ఆపొద్దు, కొత్త డబ్బా కొనొద్దు. డబ్బా పట్టుకొని చర్మ డాక్టర్‌కు చూపించండి. నా దగ్గర కొన్నవాళ్లకు డాక్టర్ ఖర్చు నేనిస్తాను. క్రీములన్నీ ఆపేయమని మొన్న రాసింది తప్పు.”

అలీమా వేలు ఫోను మీద ఆగింది. “ఆపా, ఇది పెడితే సీజన్ పోతది. షాపే పోతది.”

“పెట్టు.”

పెట్టింది. పది నిమిషాలు గడిచాయో లేదో తలుపు తోసుకుని రేఖ లోపలికి వచ్చింది. పట్టుచీర, నిండుగా మేకప్, చేతిలో ఫోను. పెళ్లికొడుకు అక్కను చూసి యాదమ్మ గబుక్కున లేచి నందిని ముందుకొచ్చి నిలబడింది. రెండు చేతులూ చాపింది.

“పిల్లకు ఎండ కొట్టింది రేఖా,” అంది యాదమ్మ. “రెండు దినాలల్ల పోతది.”

రేఖ ఆమెను పక్కకు జరిపి నందిని ముఖం చూసింది. ఎరుపు చూసింది, పొక్కులు చూసింది. అద్దం ముందున్న తెల్ల డబ్బా చూసింది. తిరిగి తలుపు గడియ పెట్టి వచ్చింది.

రేఖ అలీమా పక్కనున్న కొబ్బరినూనె సీసా తీసుకుంది, అరచేతిలో పోసుకుని కుడి బుగ్గకు రాసింది. తడిగుడ్డతో మెల్లగా తుడిచింది. గుడ్డకు రంగంతా అంటింది. కింద బుగ్గ నందిని బుగ్గలానే ఉంది. ఎరుపు, పొక్కులు, సన్నని నరాలు.

యాదమ్మ చేతులు కిందికి జారాయి.

“పెళ్లయినప్పటి సంది గిదే బతుకు,” అంది రేఖ. “పొద్దుగాల మా ఆయన లేవకముందే లేచి రంగు పూసుకుంట. రాత్రి లైటు తీసినంకనే కడుక్కుంట. నీ డబ్బా అయిపోయినంక గసొంటిదే బీదర్‌ల కొన్న. ఆపితే మండుతది, పెడితే తగ్గుతది. నాకే గిట్లయితుందనుకున్న తస్లీమక్కా. ఇది నా ఒంటి రోగమనుకున్న.”

రేఖ నందిని పక్కన ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది, ఎడమ బుగ్గ తస్లీమా వైపు తిప్పింది.

“ఈ దిక్కు నువ్వు తుడువు,” అంది. “గట్టిగ రుద్దకు. పిల్ల ఒక్కతే పోవుడెందుకు, ఇద్దరం పోతం.”

తస్లీమా నూనె తీసుకుని మెల్లగా తుడవసాగింది. బయట సన్నాయి మొదలైంది, ఎవరో పెళ్లికూతురిని తీసుకురమ్మని తలుపు కొడుతున్నారు. అలీమా చేతిలో ఫోను మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. అలీమా చూసి తలెత్తింది.

“ఆపా, పోస్టు కింద ఇరవై మూడు మంది రాసిన్రు,” అంది. “అందరు డబ్బా ఫోటోలే పెడుతున్నరు.”